పళ్లు లేని అమ్మకు వారం సరుకులు: జావ, బ్రెడ్ దాటి ఏం కొనాలి?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. దవడ పళ్లు దాదాపు అన్నీ తీసేశారు, ముందు పళ్లు కొన్నే మిగిలాయి. కట్టుడు పళ్లకు ఇంకా టైమ్ పడుతుందన్నారు. పెరుగన్నం, రాగి జావ, పాలలో నానబెట్టిన బ్రెడ్ తప్ప ఏమీ తినడం లేదు. బాగా చిక్కిపోయింది, చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. నాకు ఉద్యోగం, సరుకులు వారానికి ఒకసారే తెస్తాను. మెత్తగా ఉండి బలాన్నిచ్చేవి ఏమేం కొనాలి?

సమాధానం:

ముందు కొనవలసినవి చెప్పేస్తాను. పెసరపప్పు, గుడ్లు, రోజుకు అర లీటరు పాలు (అందులోంచే పెరుగు), పనీర్, పుట్నాల పప్పు. మాంసాహారం తింటారంటే ముళ్లు తక్కువున్న చేప, రెండుసార్లు ఆడించిన కైమా. ఇవి సంచిలో పడ్డాకే బియ్యం, కూరగాయలు, పళ్లు. బిస్కెట్లు, రస్కులు, బ్రెడ్డు, సూప్ ప్యాకెట్లు చివరికి వెళ్లాలి, వీలైతే అసలు వద్దు. ఇప్పుడు మీ ఇంట్లో ఈ వరుస తలకిందులుగా ఉంది. అమ్మగారు చిక్కిపోవడానికి చాలావరకు కారణం అదే అయి ఉంటుంది.

నేను డైటీషియన్‌ని. ఆసుపత్రిలో చూసేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. పళ్లు పోయినవాళ్ల ఇళ్లలో ఒకే సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నమలలేరు కదా అని ఒక్కో పదార్థాన్నీ తీసేస్తూ పోతారు. మొదట మాంసం, తర్వాత వేరుశనగలు, శనగలు, తర్వాత కూరలు. ఆఖరికి గిన్నెలో మిగిలేది పిండి పదార్థం, దాని నిండా నీళ్లు. కడుపు నిండినట్టే ఉంటుంది కానీ కండ కరిగిపోతుంటుంది. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ మొదట చెప్పేది ఇదే: తిండి మెత్తగా ఉండాలి, పల్చగా కాదు. మిక్సీలో నీళ్లు పోసి తిప్పినకొద్దీ గ్లాసు పెద్దదవుతుంది, అందులో ఉండే బలం మాత్రం పెరగదు. పెద్దవాళ్ల ఆకలి ఎలాగూ చిన్నదే, దాన్ని నీళ్లతో నింపకూడదు.

అమ్మగారికి ఎంత కావాలి, ఎంత అందుతోంది

అంకెలు ఎక్కువ చెప్పను, ఒక్క లెక్క మాత్రం చూడండి. అమ్మగారు 48 కిలోలు ఉన్నారనుకుందాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లెవరికైనా కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై దాటినవాళ్లకు కండ నిలబడాలంటే కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని వృద్ధుల ఆహారం చూసేవాళ్లు ఎక్కువగా చెబుతారు. అంటే ఆవిడకు రోజుకు 50 గ్రాముల దరిదాపుల్లో కావాలి.

మీరు చెప్పిన తిండిలో ఎంత ఉందో చూద్దాం. పొద్దున పాలలో రెండు బ్రెడ్ ముక్కలు అంటే 9 గ్రాములు. మధ్యాహ్నం పెరుగన్నంతో 8. సాయంత్రం టీ, నాలుగు బిస్కెట్లు, మహా అయితే 4. రాత్రి మజ్జిగ కలిపిన రాగి జావతో 3. మొత్తం 24, అంటే కావలసినదాంట్లో సగం. రాగిలో కాల్షియం బాగుంటుంది, అందులో అనుమానం లేదు. ప్రొటీన్ మాత్రం వంద గ్రాముల పిండికి 7 గ్రాములే, పైగా ఒక గ్లాసు జావకు పట్టేది ముప్పై గ్రాముల పిండి. జావను తప్పుపట్టడం లేదు. రోజుకు ఒకసారి తాగితే మంచిదే, కానీ అదే రాత్రి భోజనం అయిపోకూడదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ ఎలా చూసి కొనాలో చెబుతాను.

పప్పు

వారానికి పావు కిలో పెసరపప్పు ఆవిడ ఒక్కరికే అని విడిగా పెట్టండి. రోజుకు 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, ఉడికితే చిన్న గిన్నెడు చిక్కటి పప్పు అవుతుంది. అందులో 7 గ్రాముల ప్రొటీన్. పొట్టు తీసిన పెసరపప్పునే తీసుకోండి. అరగంట నానితే అన్ని పప్పుల్లోకీ త్వరగా, వెన్నలా ఉడికేది అదే.

కందిపప్పు రుచి మానలేమంటే మానొద్దు, కానీ పాతది కొనకండి. ఏడాది నిల్వ ఉన్న కందిపప్పు ఎన్ని విజిల్స్ పెట్టినా గింజ గింజగానే ఉంటుంది, పైన నీళ్లు తేలుతుంటాయి. పళ్లున్నవాళ్లకు అది తెలియదు, లేనివాళ్లకు చిగుళ్ల మధ్య ఇసుకలా తగులుతుంది. సరుకు త్వరగా అమ్ముడయ్యే కొట్లో, అర కిలో చొప్పున కొనండి. బోరు నీళ్లు గట్టివైతే వాటిలోని ఉప్పులు పప్పును మెత్తబడనివ్వవు. మీ కుక్కర్ అడుగున తెల్లగా పేరుకుంటుంటే పప్పు ఉడికించడానికి తాగే నీళ్లు వాడండి. చింతపండు, టమాటా పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందే పడితే గింజ బిగుసుకుంటుంది. వంటసోడా చిటికెడు వేస్తే త్వరగా ఉడుకుతుందని కొందరు వేస్తారు. అది బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది, వద్దు.

ఎంత చిక్కగా ఉండాలంటే, గరిటె వంచితే ముద్ద మెల్లగా జారాలి. ధారగా పడితే అది పప్పు కాదు, పప్పుకట్టు.

పుట్నాల పప్పు రెండు వందల గ్రాములు, వేయించి పొట్టు తీసిన వేరుశనగలు వంద గ్రాములు కలిపి పొడి కొట్టి, జల్లెడ పట్టి డబ్బాలో పోసుకోండి. వారమంతా అదే మీ ఆయుధం. రెండు చెంచాలు, అంటే 20 గ్రాములు, వేడి పాలలో కలిపి రెండు నిమిషాలు ఉడికిస్తే నాలుగున్నర గ్రాముల ప్రొటీన్ చేరుతుంది. ఇడ్లీకి పల్చటి చట్నీగానూ అదే వాడొచ్చు. ఒక్క జాగ్రత్త ఉంది. ఈ పొడిని పొడిగా అన్నంలో కలిపి పెట్టకండి. పళ్లు లేని నోట్లో పొడి చెదిరిపోతుంది, ఊపిరి పీల్చినప్పుడు గొంతుకు అడ్డుపడి పొలమారుతుంది.

గుడ్లు, పాలు, పనీర్

గుడ్డుకు 6 గ్రాములు. ఇంత తక్కువ ధరకు ఇంత మెత్తటి ప్రొటీన్ ఇంకోటి లేదు. కానీ పదిహేను నిమిషాలు ఉడికించిన గుడ్డు పెడితే తెల్లసొన రబ్బరులా, పచ్చసొన సుద్దలా అవుతుంది. అప్పుడు "నాకు గుడ్డు సయించదు" అంటారు. సయించనిది గుడ్డు కాదు, ఉడికించిన తీరు. రెండు చెంచాల పాలు పోసి గిలక్కొట్టి, సన్నటి మంట మీద నెయ్యిలో పొరటు చేసి, ఎండిపోకముందే దించండి. అయితే తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడే వరకు ఉడకాలి. ఈ వయసులో పచ్చిగుడ్డు, సగం ఉడికిన గుడ్డు మంచిది కాదు. గిలక్కొట్టిన గుడ్డులో పాలు, మిరియాల పొడి కలిపి గిన్నెతో ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెడితే జున్నులా వస్తుంది, చెంచాతో తినేయవచ్చు. జున్నుపాలు దొరికే ఊళ్లో ఉంటే అసలు జున్నే చేసిపెట్టండి. షుగర్ ఉంటే బెల్లం తగ్గించండి.

పాలలో బరువు తగ్గినవాళ్లకు ఫుల్ క్రీమ్, కొలెస్ట్రాల్ గురించి డాక్టర్ హెచ్చరించినవాళ్లకు టోన్డ్. ప్రొటీన్ రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే, తేడా కొవ్వులోనే. అదనంగా ఒక చిన్న ప్యాకెట్ వెన్న తీసిన పాలపొడి కొని ఉంచండి. చక్కెర కలపని, మామూలు పాలపొడి. కప్పు పాలలో రెండు చెంచాలు కలిపితే గ్లాసు పెరగకుండానే 5 గ్రాములు చేరతాయి. తక్కువ తినేవాళ్ల విషయంలో నాకు అన్నింటికన్నా ఎక్కువగా పనికొచ్చిన సరుకు ఇది.

పనీర్ రెండు వందల గ్రాముల ప్యాకెట్ తెచ్చి, విప్పాక నీళ్లలో ఉంచి, నీళ్లు రోజూ మారుస్తూ రెండు మూడు రోజుల్లో వాడేయండి. నలభై గ్రాములకు 7 గ్రాముల ప్రొటీన్. వేయించకూడదు, వేయిస్తే సాగుతుంది. తురిమి పప్పులోనో, సొరకాయ కూరలోనో, పొంగలిలోనో దించే ముందు కలపాలి. ఫ్రిజ్‌లో గట్టిపడిందనిపిస్తే పది నిమిషాలు వేడి నీళ్లలో ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది.

చేప, కైమా

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పళ్లు పోయిన ఇళ్లలో భయపడి మొదట మానేసేది ఇదే. నిజానికి చేపకు నమిలే పళ్లు అక్కర్లేదు. సరిగ్గా ఉడికితే నాలుకకే రేకులుగా విడిపోతుంది. చూసుకోవలసింది ముల్లు ఒక్కటే.

మన మార్కెట్లలో చవగ్గా, ఎక్కువగా దొరికేవి బొచ్చె, శీలావతి. రెండూ మంచి చేపలే, కానీ కండ మధ్యలో చీలిన సన్నటి ముళ్లుంటాయి, తోక వైపు మరీ ఎక్కువ. వీటిని అమ్మగారికి పెట్టకండి. కొరమీను, పండుగప్ప, వంజరం తీసుకోండి. వీటిలో నడుమ ముల్లే ప్రధానం, తీసేయడం సులువు. కొరమీను కండ మెత్తగా ఉంటుంది. వంజరం ఎక్కువసేపు ఉడికితే ఎండిపోతుంది, కాబట్టి దాన్ని పులుసులోనే వండాలి, వేపుడు వద్దు. కొట్టు దగ్గర "ముల్లు తీసి, చర్మం తీసి, కండ మాత్రమే ఇవ్వండి" అని అడిగితే చాలాచోట్ల కోసిస్తారు. ఇంటికొచ్చాక ముక్క మీద వేలితో రెండువైపులా నెమ్మదిగా రాస్తే మిగిలిన ముల్లు తగులుతుంది.

కట్టుడు పళ్లు వచ్చాక ఇంకా జాగ్రత్త కావాలి. పైసెట్టు అంగిలిని కప్పేస్తుంది కనుక నోట్లో ముల్లు ఉన్నా తెలియదు. "ఇన్నేళ్లు చేపలు తిన్నదాన్ని, నాకు ముళ్లు తెలియవా" అని వాదించిన పెద్దావిడలను చూశాను. తెలిసేది అంగిలి వల్ల, అది ఇప్పుడు మూసుకుపోయింది.

రొయ్యలు వద్దు. ఒక నిమిషం ఎక్కువైనా రబ్బరే.

కైమా విషయానికొస్తే, ముందే ఆడించి పెట్టినది కొనకండి. ముక్క చూసి, తెల్లటి నరాలు, పొరలు తీయించి, అప్పుడు మిషన్‌లో రెండుసార్లు వేయించండి. ఒకసారి వేస్తే పీచు మిగులుతుంది. చికెన్ అయితే రొమ్ము భాగం కంటే తొడ భాగం మెత్తగా, తడిగా ఉంటుంది. వండేటప్పుడు పొడిపొడిగా వేయించిన కైమా మాత్రం పెట్టొద్దు. దవడ పళ్లు లేకపోతే నోట్లో చెదిరిన పలుకులను దగ్గరకు చేర్చడం కష్టం, చిగుళ్ల సందుల్లో చిక్కుకుంటాయి. సొరకాయ ముక్కలతోనో పెసరపప్పుతోనో కలిపి కుక్కర్‌లో ఉడికించి, మెదిపి, గసగసాల ముద్దో పెరుగో వేసి జారుగా ముద్దలా చేస్తే బాగుంటుంది.

పావు కిలో కైమా, ముప్పావు కిలో చేప కండ ఆదివారం తెచ్చి, ఒక్కో పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టేస్తే ఇల్లంతా కలిసి తినే రోజున విడిగా వండే గొడవ ఉండదు. ముందు రాత్రి డబ్బాను కింద ఫ్రిజ్‌లోకి దించుకుంటే చాలు. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకండి.

బియ్యం

మనం పాత బియ్యం వెతికి కొంటాం. అన్నం పొడిపొడిగా వస్తుందని, అరుగుతుందని. అమ్మగారికి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. కొత్త బియ్యం కలిసి ముద్దయి, మెత్తగా ఉడుకుతుంది. కొట్లో అడిగి రెండు కిలోలు కొత్త బియ్యం విడిగా తెచ్చుకోండి. బియ్యం నూక కూడా మంచిదే. నూక, పెసరపప్పు చెరిసగం వేసి చేసిన పొంగలి, పైన తురిమిన పనీర్, చెంచా నెయ్యి, ఇది రాత్రికి చాలు. ఇడ్లీలోనూ మినపప్పు వంతు కొంచెం పెంచి నానబోస్తే ఇడ్లీ మెత్తగానూ ఉంటుంది, బలమూ పెరుగుతుంది. అటుకులు కొంటే పల్చటివి కొనండి, పెరుగులో పది నిమిషాల్లో కరిగిపోతాయి. మందంవి నానినా మధ్యలో పీచులా మిగులుతాయి.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. ఎంత మెత్తగా ఉడికిస్తే అన్నం అంత త్వరగా రక్తంలో చక్కెర పెంచుతుంది. కాబట్టి మెత్తటన్నం ఒంటరిగా పెట్టకండి, పప్పో గుడ్డో ముద్దలో సగం ఉండాలి.

కూరగాయలు, పళ్లు

సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, గుమ్మడి ఏ వారమైనా ఉండేలా చూసుకోండి. సొరకాయకు గోరు గుచ్చితే సులువుగా దిగాలి, దిగకపోతే లోపల గింజ ముదిరినట్టే. వంకాయ చేతిలో పట్టుకుంటే తేలిగ్గా ఉండాలి, బరువుగా ఉంటే గింజలు. బెండకాయ కొన విరిస్తే టప్పున విరగాలి. క్యారెట్, బీట్‌రూట్ తురిమి ఆవిరిపట్టాలి, ముక్కలుగా కాదు. ఆకుకూరల్లో ఆకు మాత్రమే, కాడలు పళ్లున్నవాళ్లకు. గోరుచిక్కుడు, మొక్కజొన్న, పచ్చి ఉల్లిపాయ ఇప్పటికి పక్కన పెట్టండి. మునక్కాయ చాలామందికి ప్రాణం, దాన్ని తీసేయకండి. ఉడికాక చెంచాతో గుజ్జు గీరి పులుసులో కలపండి, పీచు పారేయండి. కూరలు మానేస్తే మలబద్ధకం వస్తుంది, దాంతో ఆకలి ఇంకా పడిపోతుంది. అందుకే ఇవి కొంచెమైనా రోజూ ఉండాలి.

పళ్లలో బొప్పాయి, అరటి, సపోటా, సీజన్‌లో మామిడి రసాలు. యాపిల్ ఇష్టమైతే ఆవిరిపట్టి. జామ వద్దు, గింజ చిగురులో దిగుతుంది.

ప్యాకెట్ల సంగతి

"పెద్దవాళ్లకు ప్రత్యేకం" అని రాసి ఉన్న పొడుల డబ్బాలు చాలామంది కొని తెస్తారు. ముందు డబ్బా వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ ఉంటే అది మొదట రాయాలన్నది నియమం. మొదటి రెండు పేర్లలో చక్కెర గానీ మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం గానీ ఉంటే అది పిండి, తీపి అమ్ముతున్న డబ్బా. తర్వాత వంద గ్రాములకు ప్రొటీన్ ఎంతో చూడండి. మామూలు వెన్న తీసిన పాలపొడిలో దాదాపు 35 గ్రాములుంటుంది. దానికన్నా బాగా తక్కువ ఉండి, ధర నాలుగింతలు ఉంటే కొనడానికి కారణం లేదు. డాక్టరో డైటీషియనో ఫలానాది అని రాసిచ్చినప్పుడు వేరు సంగతి. వారం పైగా సగం కూడా తినలేని స్థితిలో అలాంటివి నిజంగా అవసరమవుతాయి.

బ్రెడ్డు మెత్తటిదని అందరూ అనుకుంటారు. తడిస్తే అంగిలికి అంటుకునే ముద్ద అది, పెద్దవాళ్ల గొంతుకు అడ్డుపడేవాటిలో ఒకటి. బిస్కెట్ ముంచి తినడంలో ఇంకో నష్టం ఉంది. ఆ తీపి ముద్ద మిగిలిన ముందు పళ్ల మొదళ్లలో పేరుకుని వాటినీ పుచ్చేలా చేస్తుంది. ఆ కొన్ని పళ్లు కట్టుడు పళ్లను పట్టి ఉంచడానికి డాక్టర్‌కు కావాలి. తిన్న ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించమనండి. సూప్ ప్యాకెట్లలో ఉప్పు ఎక్కువ, బలం దాదాపు శూన్యం, బీపీ ఉన్న ఇంట్లో అసలు వద్దు.

ఒక రోజు ఎలా ఉంటుందంటే

ఒక పెద్దావిడ కోడలికి రాసిచ్చినది మీకు చెబుతాను. బరువు, పళ్ల పరిస్థితి ఇంచుమించు మీ అమ్మగారిలాగే. ఆవిడ గుడ్డు తింటారు, మాంసం ఆదివారమే.

పొద్దున రెండు ఇడ్లీలు, పుట్నాల వేరుశనగ చట్నీ, ముప్పావు గ్లాసు పాలు. ఇది 12 గ్రాములు. పదకొండింటికి గుడ్డు పొరటు, 6. మధ్యాహ్నం మెత్తటన్నం, చిక్కటి పెసరపప్పు, సొరకాయ కూర, పెరుగు, 15. సాయంత్రం పుట్నాల పొడి కలిపి ఉడికించిన పాలు, అరటిపండు, 9. రాత్రి నూక పొంగలి, పనీర్ తురుము, 10. మొత్తం 52. తినే పరిమాణం పాత తిండికన్నా పెద్దగా పెరగలేదు, నీళ్లు తగ్గాయి అంతే.

మొదటి రోజుల్లో ఆవిడ ఒప్పుకోలేదు. "పసిపిల్లకు పెట్టినట్టు ముద్దలు చేసి పెడుతున్నావు, నాకు వద్దు" అని కోడలితో అనేవారు. ఆ కోపం న్యాయమైనదే. అన్నీ కలిపి మిక్సీలో వేసిన ముద్ద చూస్తే ఎవరికైనా ఆకలి చస్తుంది. అప్పుడు ఒకటే మార్చాం. పప్పు, కూర, పెరుగు విడివిడిగా కంచంలో వడ్డించడం, ఎప్పటిలాగే ఇంగువ తాలింపు వేయడం, ఆవకాయ ముక్క బదులు దాని ఊట అరచెంచా వేయడం. పుండ్లు లేనివాళ్లకు ఆ కాస్త ఊట చాలా పనిచేస్తుంది. ఆ తర్వాత ఆవిడే "పప్పు ఇంకొంచెం వెయ్యి" అనడం మొదలుపెట్టారు.

మెత్తదనం సరిపోయిందో లేదో ఇంట్లో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. మింగడం కష్టమైనవాళ్ల ఆహారానికి అంతర్జాతీయంగా వాడే కొలతల్లోదే ఇది. ముక్క మీద ఫోర్కు పెట్టి బొటనవేలితో గోరు తెల్లబడే వరకు నొక్కండి. ముక్క నలిగిపోయి, వదిలాక మళ్లీ లేవకుండా ఉంటే పెట్టొచ్చు. ముక్క సైజు ఒకటిన్నర సెంటీమీటరు దాటకూడదు. వంట మనిషి ఉన్న ఇంట్లో "మెత్తగా వండు" అంటే అర్థం కాదు, ఇది చేసి చూపిస్తే వెంటనే అర్థమవుతుంది.

వీటిని మాత్రం వేరుగా చూడాలి

పళ్లు తీసిన మొదటి ఒకటి రెండు రోజులు డెంటిస్టు చెప్పిందే చేయండి. వేడి, కారం, గింజలు ఉండవు, స్ట్రాతో పీల్చడం అసలు వద్దు, గాయంలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. నేను చెప్పిన జాబితా ఆ తర్వాతి మాట.

కిడ్నీ జబ్బు ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే ఈ 50 గ్రాముల లెక్క వర్తించదు. వాళ్లకు ప్రొటీన్ ఎంతో కిడ్నీ డాక్టరే చెప్పాలి. క్రియాటినిన్ పరీక్ష ఈమధ్య చేయించకపోతే ముందు అది చేయించండి.

నమలలేకపోవడం వేరు, మింగలేకపోవడం వేరు. నీళ్లు తాగగానే దగ్గు రావడం, తిన్నాక గొంతు తడిగా గరగరమనడం, బుగ్గలో ముద్ద అలాగే ఉండిపోవడం, తరచూ జ్వరంతో దగ్గు, వీటిలో ఏది కనిపించినా సరుకులు మార్చడంతో ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. అలాంటివాళ్లకు పల్చటి చారులో తేలే ముక్కలు, పాలలో నానిన బ్రెడ్డు ప్రమాదం. నీళ్లు గొంతులోకి ముందే జారిపోతాయి, ముక్క వెనక మిగులుతుంది.

బరువు వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున ఏమీ తినకముందు చూసి కాగితం మీద రాయండి. నెలలో 5 శాతం తగ్గితే, అంటే 48 కిలోల మనిషికి దాదాపు రెండున్నర కిలోలు, అది పళ్ల వల్లేనని అనుకుని ఊరుకోకూడదు. థైరాయిడ్, షుగర్, ఇంకేవైనా కారణాలు చూడాలి. "బాగా చిక్కిపోయింది" అని మీరు రాశారు కాబట్టి ఇది ముందుగా చేయమంటాను.

కట్టుడు పళ్లు వచ్చిన రోజు నుంచే పాత భోజనం మొదలుపెట్టకండి. మొదటి వారాలు ఇదే తిండి, రెండువైపులా సమానంగా నములుతూ, అంటుకునే తీపి పదార్థాలు లేకుండా. సెట్టు ఎక్కడ గుచ్చుకుంటుందో ఆ పుండు చూపించి అరగదీయించుకోవాలి, పుండు భరిస్తూ తింటుంటే మళ్లీ జావ దగ్గరికే వస్తారు.

అమ్మగారి బరువు, షుగర్, బీపీ, కిడ్నీ వివరాలు, గుడ్డు, చేప తింటారో లేదో రాస్తే మీ ఇంటికి సరిపోయేలా వారం జాబితా గ్రాములతో రాసి ఇస్తాను.